డోనర్ ప్రపోజల్ బడ్జెట్: ప్రాజెక్టు ఖర్చునూ సంస్థ ఖర్చునూ విడదీసి రాయడం

కొన్నేళ్ల కిందట ఒక ప్రపోజల్ పంపిన పది రోజులకు డోనర్ సంస్థ ఫైనాన్స్ ఆఫీసరు గారు ఫోన్ చేశారు. "మీ అకౌంటెంట్ ఈ బడ్జెట్‌లో రెండు చోట్ల ఉన్నారండీ. పదకొండో లైన్లో ఆయన జీతంలో పాతిక శాతం అడిగారు. కింద ఓవర్‌హెడ్ పది శాతంలో కూడా ఆయనే ఉండాలి కదా. లేకపోతే ఆ పది శాతంలో ఏముంది?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఓవర్‌హెడ్ అంటే ఏ ఒక్క ప్రాజెక్టుకూ చెందకుండా, సంస్థ నడవడానికి అయ్యే ఖర్చు. గైడ్‌లైన్స్‌లో "ఓవర్‌హెడ్ 10 శాతం వరకు" అని ఉంది కాబట్టి అంతే వేశాను. అందులో ఏ ఖర్చులు వస్తాయో ఎక్కడా రాసుకోలేదు. చివరికి పదకొండో లైన్ తీసేయాల్సి వచ్చింది. ఆ పాతిక శాతం జీతాన్ని ఏడాదంతా సంస్థ జనరల్ ఫండ్ నుంచి కట్టాం. అప్పటి నుంచి నేను ఏ ప్రపోజల్ బడ్జెట్‌కైనా ముందు ఓవర్‌హెడ్ జాబితా తయారు చేసుకుంటాను, తర్వాతే ప్రాజెక్టు లైన్లు మొదలుపెడతాను.

దీన్ని ఒక ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. ఏజెన్సీ ప్రాంతంలోని ఒక మండలంలో 15 సాయంత్రపు చదువు కేంద్రాలు, కేంద్రానికి 30 మంది చొప్పున 450 మంది పిల్లలు, ఏడాది ప్రాజెక్టు. నడిపే సంస్థ చిన్నది. దానికి ఒక పట్టణంలో హెడ్ ఆఫీసు, మండల కేంద్రంలో ఒక ఫీల్డ్ ఆఫీసు ఉన్నాయి. అదే మండలంలో ఇంకో ప్రాజెక్టు కూడా నడుస్తోంది. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసినవే, మీ ప్రాంతపు ధరలు మీరు పెట్టుకోవాలి.

## ముందు ఒక్క ప్రశ్న

ప్రతి ఖర్చునూ పట్టుకుని ఇలా అడగండి: ఈ ప్రాజెక్టు రాకపోతే ఈ ఖర్చు ఉంటుందా? ఉండదంటే అది డైరెక్ట్ ఖర్చు. ప్రాజెక్టు వచ్చినా రాకపోయినా ఉంటుందంటే అది చాలావరకు ఓవర్‌హెడ్.

ఇంట్లో పెళ్లి చేస్తే ఫంక్షన్ హాలు, వంటవాళ్లు, శుభలేఖలు పెళ్లి ఖర్చు కింద రాస్తాం. ఇంటి అద్దె పెళ్లి ఖర్చు కాదు, కానీ అది కట్టకపోతే పెళ్లి పనులు చేసుకోవడానికి ఇల్లే ఉండదు. సంస్థకు స్టాట్యూటరీ ఆడిట్, హెడ్ ఆఫీసు అద్దె, డైరెక్టర్ జీతం అలాంటివి. అవి ఏ ఒక్క ప్రాజెక్టువీ కావు, అవి లేకుండా ఏ ప్రాజెక్టూ నడవదు.

ఈ ప్రశ్న వేస్తే కొన్ని ఖర్చులు మనం అనుకున్న చోట ఉండవు. ఆడిట్ సంగతి చూడండి. సంస్థ మొత్తానికి ఏటా జరిగే ఆడిట్ ఓవర్‌హెడ్. కానీ డోనర్ "మా గ్రాంటుకు విడిగా ఆడిట్ చేసిన యుటిలైజేషన్ సర్టిఫికెట్ కావాలి" అని, అంటే డబ్బు దేనికి వాడారో ధ్రువీకరించే పత్రం అడిగితే, దానికి సీఏ గారు తీసుకునే ఫీజు ఆ ప్రాజెక్టు లేకపోతే ఉండదు. కాబట్టి అది డైరెక్ట్. రెండూ ఆడిట్ ఫీజులే, రెండింటి చోటు వేరు. అద్దె కూడా అంతే. హెడ్ ఆఫీసు అద్దె ఓవర్‌హెడ్, మండలంలో పని కోసమే తీసుకున్న ఫీల్డ్ ఆఫీసు అద్దె డైరెక్ట్. అంటే ఖర్చు పేరు చూసి విడదీయకూడదు, ఆ ఖర్చు ఎవరి కోసం పుట్టిందో చూసి విడదీయాలి.

## డైరెక్ట్ ఖర్చులు: పని నుంచి లైన్ పుట్టాలి

చాలామంది పాత బడ్జెట్ ఫైల్ తెరిచి అంకెలు మార్చుకుంటూ పోతారు. అలా చేస్తే పాత ప్రాజెక్టులోని లైన్లు కొత్తదాంట్లోకి వచ్చేస్తాయి, కొత్తగా కావలసినవి రావు. దానికి బదులు ప్రపోజల్‌లో రాసిన పనుల జాబితా పక్కన పెట్టుకోండి. టీచర్లకు శిక్షణ అని ఉంటే ఎంతమంది, ఎన్ని రోజులు, ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు, ఎలా వస్తారు అని ఒక్కొక్కటీ కాగితం మీద రాయండి. ఒక్కో జవాబు ఒక్కో లైన్ అవుతుంది. ప్రపోజల్‌లో పని ఉండి బడ్జెట్‌లో లైన్ లేకపోయినా, లైన్ ఉండి పని లేకపోయినా డోనర్ దగ్గర ప్రశ్న తప్పదు.

ఎక్సెల్ షీటులో ప్రతి లైన్‌కూ యూనిట్ల సంఖ్య, యూనిట్ ధర, ఎన్ని నెలలు లేదా ఎన్నిసార్లు, ఈ ప్రాజెక్టు వాటా శాతం అనే నాలుగు గడులు విడివిడిగా పెట్టండి. మొత్తాన్ని చేత్తో టైప్ చేయకండి.

```
=C5*D5*E5*F5
```

వాటా శాతానికి విడిగా గడి పెట్టమనడానికి కారణం ఉంది. పూర్తిగా ప్రాజెక్టుదే అయిన లైన్లో 100%, పంచుకునే ఖర్చులో 50% అని కనబడుతుంది. ఆ కాలమ్ ఒక్కసారి కిందికి చూస్తే చాలు, ఏవి పంచుకున్న ఖర్చులో చదివేవాళ్లకు తెలుస్తుంది.

మన ఉదాహరణలో డైరెక్ట్ ఖర్చులు ఇలా వచ్చాయి:

| లైన్ | లెక్క | రూ. |
|---|---|---|
| కేంద్రాల టీచర్ల గౌరవ వేతనం | 15 × 4,500 × 11 నెలలు | 7,42,500 |
| కోఆర్డినేటర్లు | 2 × 20,535 × 12 నెలలు | 4,92,840 |
| ప్రోగ్రామ్ మేనేజర్ | 36,000 × 12 నెలలు × 50% | 2,16,000 |
| టీచర్ల శిక్షణ, 8 రోజులు | నోట్‌లో వివరం | 91,400 |
| కేంద్రాల కిట్లు, పిల్లల పుస్తకాలు | 15 × 6,000 + 450 × 220 | 1,89,000 |
| చదువు స్థాయి పరీక్షలు | 2 సార్లు × 450 × 40 | 36,000 |
| కోఆర్డినేటర్ల బైక్ ప్రయాణం | 2 × 600 కి.మీ. × రూ. 5 × 12 నెలలు | 72,000 |
| సోలార్ దీపాలు | 15 × 2 × 1,800 | 54,000 |
| ఫీల్డ్ ఆఫీసు అద్దె | 6,000 × 12 నెలలు × 50% | 36,000 |
| ప్రాజెక్టు ఆడిట్, యుటిలైజేషన్ సర్టిఫికెట్ | ఒకసారి | 12,000 |
| డైరెక్ట్ మొత్తం | | 19,41,740 |

ఇందులో రెండు లైన్ల దగ్గర కాస్త ఆగాలి.

టీచర్లకు 11 నెలలే వేశాం, ఎందుకంటే మే నెలలో కేంద్రాలు మూసి ఉంటాయి. అలవాటుగా 12 వేసి ఉంటే రూ. 67,500 ఎక్కువ అడిగినట్టయ్యేది. ఏడాది చివర ఆ డబ్బు మిగిలితే దాన్ని వేరే పనికి వాడుకోవడానికి డోనర్ అనుమతి కోసం తిరగాలి.

కోఆర్డినేటర్ జీతం రూ. 18,000 అని ఆఫర్ లెటర్‌లో ఉంటుంది, కానీ బడ్జెట్‌లో వేసింది రూ. 20,535. సంస్థ కట్టే పీఎఫ్ రూ. 15,000 వేతన పరిమితి మీద, అడ్మిన్ చార్జీ, బీమా కలిపి 13 శాతం, అంటే రూ. 1,950. నెల వేతనం రూ. 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐలో సంస్థ వాటా 3.25 శాతం, అంటే రూ. 585. ఈ రెండూ కలిస్తేనే ఆ మనిషికి సంస్థ పెట్టే నిజమైన ఖర్చు. చాలా చిన్న సంస్థలు జీతం మాత్రమే రాసి, తమ వాటా పీఎఫ్‌నూ ఈఎస్ఐనూ ఓవర్‌హెడ్ నుంచి కడుతుంటాయి. ఈ ఇద్దరికీ ఏడాదికి అది రూ. 60,840. ప్రాజెక్టు లేకపోతే ఈ ఖర్చు ఉండేది కాదు కాబట్టి ఇది పక్కా డైరెక్ట్. మీ సంస్థ గ్రాట్యుటీకి నిధి పక్కన పెడుతుంటే అదీ ఇదే లైన్లోకి రావాలి.

కొనుగోళ్లలో ఇలాంటిదే ఇంకొకటి ఉంది. కోటేషన్‌లో జీఎస్టీ కలిసిందో లేదో చూసుకోండి. ఛారిటీ పనులు చేసే సంస్థకు ఇన్‌పుట్ క్రెడిట్ సాధారణంగా రాదు, కట్టిన పన్ను అంతా ఖర్చే. అందుకే యూనిట్ ధరలో ఎప్పుడూ పన్నుతో కలిపిన ధరే పెట్టండి.

## పంచుకున్న ఖర్చులు: గొడవంతా ఇక్కడే

పూర్తిగా డైరెక్ట్ ఖర్చులు సులువు, పూర్తిగా ఓవర్‌హెడ్ ఖర్చులూ సులువే. చిక్కు మధ్యలో ఉన్నవాటితోనే. మన ప్రోగ్రామ్ మేనేజర్ రెండు ప్రాజెక్టులు చూస్తారు. ఫీల్డ్ ఆఫీసును రెండు ప్రాజెక్టుల వాళ్లూ వాడతారు. ఈ రెండూ ప్రాజెక్టుల కోసమే ఉన్న ఖర్చులు కాబట్టి డైరెక్టే, కానీ వాటా వేయాలి. ఆ వాటాకు ఒక ఆధారం ఉండాలి.

మనిషికి ఆధారం టైమ్‌షీట్. రోజుకు ఏ ప్రాజెక్టు మీద ఎన్ని గంటలు పనిచేశారో ఆ మనిషే రాయాలి, నెలాఖరున పైవాళ్లు సంతకం పెట్టాలి. బడ్జెట్ వేసేటప్పుడు 50 శాతం అంచనా మాత్రమే. ఖర్చు రాసేటప్పుడు టైమ్‌షీట్ చెప్పిందే రాయాలి. ఏప్రిల్‌లో 60, మేలో 35 వస్తే 60, 35 అనే రాయాలి. ప్రతి నెలా సరిగ్గా 50 వస్తుంటే ఆడిటర్‌కు వెంటనే అనుమానం వస్తుంది, రావాలి కూడా.

ఆఫీసు అద్దెకు ఆధారంగా ఎక్కువమంది వాడేది మనుషుల లెక్క. ఈ ప్రాజెక్టు నుంచి ఇద్దరు కోఆర్డినేటర్లు, సగం మేనేజర్, కలిపి రెండున్నర. రెండో ప్రాజెక్టు నుంచి కూడా రెండున్నర. కాబట్టి అద్దెలో సగం. రెండో ప్రాజెక్టు ఆగస్టులో ముగిసిపోతే ఏమవుతుంది? సెప్టెంబర్ నుంచి ఆ సగం అద్దె ఎవరూ కట్టనిదైపోతుంది. బడ్జెట్ వేసేటప్పుడే రెండో ప్రాజెక్టు ముగింపు తేదీ చూసుకుని, ఆ నెల నుంచి వాటా పెంచి వేయండి. నెలవారీ కాలమ్స్ ఉన్న షీటు ఉంటే ఇది సులువు.

ఇక్కడ తప్పు జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక షీటు చాలు. సంస్థలోని ప్రతి మనిషి పేరు వరుసగా రాసి, పక్కన అన్ని ప్రాజెక్టులూ, చివర ఓవర్‌హెడ్ కాలమ్ పెట్టండి. ఎవరి వరుసైనా 100 దాటకూడదు. నేను చూసిన ఒక సంస్థలో ఒకే మనిషి ఒక డోనర్ దగ్గర 50 శాతం, ఇంకొకరి దగ్గర 40, మూడో చోట 30 శాతం ఉన్నారు. ఏ ప్రపోజల్‌కు ఆ ప్రపోజల్ సరిగ్గానే కనిపించింది. మూడూ ఒక్కచోట పెడితే 120. ఎవరూ మోసం చేయాలనుకోలేదు, మూడు ప్రపోజల్స్ మూడు వేర్వేరు నెలల్లో ముగ్గురు రాశారు, అంతే. కానీ ఇద్దరు డోనర్ల దగ్గర ఒకే గంటకు డబ్బు తీసుకున్నట్టే లెక్క.

## ఓవర్‌హెడ్ శాతం మీ పుస్తకాల్లోంచి రావాలి

డోనర్ ఎంత ఇస్తారన్నది తర్వాతి మాట. ముందు మీ సంస్థకు నిజంగా ఎంత అవుతోందో తెలియాలి. దీనికి పోయిన ఏడాది ఆడిట్ అయిన లెక్కలు తీసుకుని, ప్రతి లెడ్జర్‌నూ పైన చెప్పిన ప్రశ్న అడిగి రెండు గుంపులు చేయండి. మన సంస్థలో ఓవర్‌హెడ్ గుంపు ఇలా తేలింది:

| ఖర్చు | రూ. |
|---|---|
| డైరెక్టర్ జీతం | 6,00,000 |
| అకౌంటెంట్ జీతం | 3,00,000 |
| హెడ్ ఆఫీసు అద్దె, కరెంటు, ఇంటర్నెట్ | 1,80,000 |
| స్టాట్యూటరీ ఆడిట్, ఫైలింగ్‌లు | 90,000 |
| అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, స్టేషనరీ, బ్యాంకు చార్జీలు | 60,000 |
| బోర్డు సమావేశాలు | 30,000 |
| మొత్తం | 12,60,000 |

అదే ఏడాది అన్ని ప్రాజెక్టుల డైరెక్ట్ ఖర్చు రూ. 90,00,000. పన్నెండు లక్షల అరవై వేలను తొంభై లక్షలతో భాగిస్తే 14 శాతం. అంటే ఈ సంస్థ ప్రాజెక్టుల మీద పెట్టే ప్రతి వంద రూపాయలకూ, వాటిని నడపడానికి ఇంకో పద్నాలుగు రూపాయలు అవుతున్నాయి.

డైరెక్ట్ ఖర్చులో భవనం కట్టడం, వాహనం కొనడం లాంటి పెద్ద ఖర్చు ఆ ఏడాది ఉంటే దాన్ని పక్కన పెట్టి భాగించండి. నలభై లక్షల భవనం కట్టినంత మాత్రాన మీ అకౌంటెంట్ పని దానికి తగ్గట్టు పెరగదు. దాన్ని కలిపితే శాతం ఉత్తుత్తిగా తగ్గిపోయి కనిపిస్తుంది, మరుసటి ఏడాది సరిపోదు. ఇలా కొన్ని లైన్లు తీసేసిన డైరెక్ట్ ఖర్చు మీద శాతం వేయడం పెద్ద డోనర్ల నిబంధనల్లోనూ ఉంది. అమెరికా ప్రభుత్వ గ్రాంటుల నియమావళి ఖరీదైన పరికరాల కొనుగోళ్లను ఆ లెక్కలోంచి తీసేయమంటుంది.

ఇప్పుడు నా పాత తప్పు దగ్గరికి వద్దాం. అకౌంటెంట్ జీతం ఈ గుంపులో ఉన్నంత కాలం ఏ ప్రపోజల్‌లోనూ ఆయన పేరున డైరెక్ట్ లైన్ వేయకూడదు. వేయాలనుకుంటే ముందు గుంపులోంచి తీసేయాలి. తీసేసి చూడండి: గుంపు రూ. 9,60,000 అవుతుంది, ఆయన జీతం కలిసి డైరెక్ట్ రూ. 93,00,000 అవుతుంది, శాతం సుమారు 10.3కి దిగుతుంది. రెండు పద్ధతుల్లో ఏదైనా సరైనదే. కానీ ఒక డోనర్ దగ్గర ఒకటి, ఇంకో డోనర్ దగ్గర ఇంకొకటి పనికిరాదు. ఏ ఖర్చు ఎటు వెళ్తుందో ఒక పేజీ విధానంగా రాసి, బోర్డు చేత ఆమోదింపజేసుకుని, ఆ ఏడాది ప్రపోజల్స్ అన్నింటికీ అదే వాడండి. ఫైనాన్స్ ఆఫీసర్ ఫోన్ చేసినప్పుడు పంపాల్సింది ఆ పేజీనే.

## శాతం దేని మీద?

మన ప్రాజెక్టు డైరెక్ట్ రూ. 19,41,740 మీద 14 శాతం వేస్తే రూ. 2,71,844. మొత్తం బడ్జెట్ రూ. 22,13,584. పిల్లవాడికి ఏడాదికి సుమారు రూ. 4,919. ఈ అంకె మీరు లెక్కేయకపోయినా డోనర్ లెక్కేస్తారు, అందుకే ముందే చూసుకోండి.

ఇప్పుడు డోనర్ గైడ్‌లైన్స్‌లో "ఓవర్‌హెడ్ 10 శాతం మించకూడదు" అని ఉందనుకుందాం. దేనిలో 10 శాతం? డైరెక్ట్ ఖర్చులోనా, మొత్తం గ్రాంటులోనా? రెండూ ఒకటి కావు.

```
డైరెక్ట్ మీద 10%:   =A1*10%
మొత్తంలో 10%:      =A1*10%/(1-10%)
```

మొదటిది రూ. 1,94,174. రెండోది రూ. 2,15,749. తేడా రూ. 21,575. గైడ్‌లైన్స్‌లో స్పష్టంగా లేకపోతే ఒక మెయిల్ రాసి అడగండి, జవాబును ఫైల్‌లో పెట్టుకోండి. ఇలా అడిగితే తప్పుగా అనుకుంటారేమోనని టెన్షన్ పడాల్సిన పని లేదు. లెక్క తెలిసిన సంస్థే అలా అడుగుతుంది.

డోనర్లలో తేడాలు చాలా ఉంటాయి. యూరోపియన్ యూనియన్ గ్రాంట్లలో సాధారణంగా డైరెక్ట్ ఖర్చు మీద 7 శాతం ఫ్లాట్ రేటు. అమెరికా ప్రభుత్వ నియమావళిలో తమతో రేటు ఖరారు చేసుకోని సంస్థకు 10 శాతం ఉండేది, 2024 అక్టోబర్ నుంచి 15 వరకు పెంచారు. వీటిని బట్టీ పట్టడం కన్నా డోనర్ ప్రపోజల్స్ పిలిచిన ప్రతిసారీ గైడ్‌లైన్స్ తెరిచి చూడటమే మంచిది.

డోనర్ డైరెక్ట్ మీద 10 శాతమే ఇస్తే మనకు రూ. 77,670 లోటు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఆ లోటును పూడ్చడానికి స్టేషనరీ లైన్లోనో, శిక్షణ ఖర్చులోనో ఎక్కువ రాస్తారు. దాని బదులు నిజంగా డైరెక్ట్ అయి ఉండి మీరు ఓవర్‌హెడ్‌లో వదిలేసినవి ఏమైనా ఉన్నాయా చూడండి. పీఎఫ్ వాటా, ప్రాజెక్టు ఆడిట్, ఫీల్డ్ ఆఫీసు అద్దె చాలాసార్లు అలా దొరుకుతాయి. అవన్నీ ఇప్పటికే సరైన చోట ఉంటే మిగిలిన లోటును బడ్జెట్‌లోనే "సంస్థ వాటా" కాలమ్‌లో చూపించండి. మీరు భరిస్తున్నది డోనర్‌కు కనబడాలి. ఆ రూ. 77,670 ఎక్కడి నుంచి తెస్తారో మీ బోర్డుకూ ముందే తెలియాలి. ఏ దారీ లేకపోతే ఆ గ్రాంటు తీసుకోవాలా వద్దా అన్నది బోర్డు తేల్చాల్సిన విషయం.

## ఎఫ్‌సీఆర్‌ఏ లెక్క వేరు

విదేశీ నిధి అయితే ఇంకో లెక్క తప్పనిసరి. దీన్ని డోనర్ ఓవర్‌హెడ్‌తో కలిపేయడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ ప్రకారం పరిపాలనా ఖర్చులకు మొదట 50 శాతం వరకు వాడుకునే వీలుండేది. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన సవరణ దాన్ని 20 శాతానికి తగ్గించింది. ఈ శాతం ఒక్కో ప్రాజెక్టు మీద కాదు, ఆ ఆర్థిక సంవత్సరంలో సంస్థకు వచ్చిన విదేశీ నిధి మొత్తం మీద. ఇక పరిపాలనా ఖర్చు అంటే ఏమిటో 2011 నాటి నిబంధనల్లో 5వ నిబంధన చెబుతుంది. బోర్డు సభ్యుల వేతనాలు, ప్రయాణాలు, కార్యకలాపాల నిర్వహణకు పెట్టుకున్న సిబ్బంది జీతాలు, అద్దె, కరెంటు, ఫోన్, స్టేషనరీ, అకౌంటింగ్, వాహనాల నిర్వహణ, రిపోర్టులు రాయడం, లీగల్, ప్రొఫెషనల్ చార్జీలు అన్నీ అందులో ఉన్నాయి. అదే నిబంధన సంస్థ లక్ష్యం కోసం నేరుగా పెట్టే ఖర్చును ఇందులోంచి మినహాయించింది. స్కూల్లో టీచర్ల జీతాలు, ఆస్పత్రిలో డాక్టర్ల జీతాలు అందుకు అది ఇచ్చే ఉదాహరణలు.

మన బడ్జెట్‌ను ఈ కళ్లద్దాలతో చూద్దాం. టీచర్ల గౌరవ వేతనం మినహాయింపులోకి వస్తుంది. కానీ మనం డైరెక్ట్‌లో పెట్టిన ప్రోగ్రామ్ మేనేజర్ రూ. 2,16,000, ఫీల్డ్ ఆఫీసు అద్దె రూ. 36,000, ప్రాజెక్టు ఆడిట్ రూ. 12,000 పరిపాలనా ఖర్చులోకి వెళ్లే అవకాశం ఉంది. ఓవర్‌హెడ్ రూ. 2,71,844 ఎలాగూ వెళ్తుంది. మొత్తం రూ. 5,35,844, అంటే గ్రాంటులో 24 శాతం పైమాటే. డోనర్ దృష్టిలో ఈ గ్రాంటులో ఓవర్‌హెడ్ 12.3 శాతం. చట్టం దృష్టిలో అదే బడ్జెట్ 20 దాటేసింది. బైక్ ప్రయాణాన్ని కూడా వాహనాల ఖర్చుగా చూస్తే 27 దాటుతుంది.

దీనర్థం ఈ బడ్జెట్ పంపకూడదని కాదు. పరిమితి సంస్థ మొత్తం మీద కాబట్టి, అదే ఏడాది వచ్చే మిగతా విదేశీ గ్రాంట్లలో ఈ శాతం తక్కువగా ఉంటే సరిపోవచ్చు. అందుకని ప్రతి లైన్ పక్కన "ఎఫ్‌సీఆర్‌ఏ పరిపాలన: అవును/కాదు" అనే గడి పెట్టండి. అన్ని విదేశీ గ్రాంట్లకూ కలిపి ఏడాది షీటు ఒకటి వేయండి. కోఆర్డినేటర్ల లాంటి లైన్లు ఎటు వెళ్తాయన్నది వాళ్లు నిజంగా చేసే పనిని బట్టి ఉంటుంది. టీచర్ల పక్కన కూర్చుని పాఠం చెప్పించే మనిషికీ, రిజిస్టర్లు తనిఖీ చేసి రిపోర్టు రాసే మనిషికీ తేడా ఉంది. ఉద్యోగ వివరణలో ఆ పని ఉన్నది ఉన్నట్టు రాసి, ప్రపోజల్ పంపకముందే మీ ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి. 20 దాటేలా ఉంటే ఆ మేరకు పరిపాలనా ఖర్చును దేశీయ నిధుల నుంచి పెట్టుకోవాలి. ఇంకో మాట, ఇదే 2020 సవరణ విదేశీ నిధిని వేరే సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. బడ్జెట్‌లో "భాగస్వామి సంస్థకు గ్రాంటు" అనే లైన్ ఉంటే అది తీసేయాల్సిందే.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధి విషయంలో ఇంకో అపార్థం ఉంది. "రూల్ ప్రకారం మీకు ఓవర్‌హెడ్ 5 శాతమే" అని కంపెనీ వాళ్లు అంటుంటారు. 2021 జనవరిలో సవరించిన సీఎస్ఆర్ నిబంధనల్లో ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్ఆర్ విభాగపు సాధారణ నిర్వహణకు పెట్టుకునే ఖర్చుకు పరిమితి. లెక్క కూడా కంపెనీ ఆ ఏడాది పెట్టే మొత్తం సీఎస్ఆర్ ఖర్చు మీద. ఒక ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణ, మూల్యాంకనానికి నేరుగా అయ్యే ఖర్చు ఆ నిర్వచనంలోకే రాదు. కంపెనీకి తన సొంత పాలసీ ఉండొచ్చు, అది వాళ్లిష్టం. కానీ మీ కోఆర్డినేటర్ జీతాన్ని ఆ 5 శాతంలోకి నెట్టమంటే నిర్వచనాన్ని మర్యాదగా చూపించవచ్చు.

## బడ్జెట్ నోట్, పంపే ముందు చూపు

అంకెల షీటుతో పాటు బడ్జెట్ నోట్ ఉండాలి. ప్రతి లైన్‌కూ రెండు మూడు వాక్యాలు చాలు. శిక్షణ లైన్‌కు ఇలా రాయవచ్చు:

"15 మంది టీచర్లు, ఇద్దరు కోఆర్డినేటర్లు కలిపి 17 మందికి, మొదట 5 రోజులు, మధ్యలో 3 రోజులు. భోజనం, వసతి మనిషికి రోజుకు రూ. 450 చొప్పున రూ. 61,200. రెండుసార్లు రానుపోను చార్జీలు మనిషికి రూ. 300 చొప్పున రూ. 10,200. ట్రైనర్‌కు రోజుకు రూ. 2,500 చొప్పున 8 రోజులకు రూ. 20,000. మొత్తం రూ. 91,400."

ఓవర్‌హెడ్ లైన్‌కు కూడా అంతే వివరంగా నోట్ రాయండి: పోయిన ఏడాది ఆడిట్ లెక్కల ప్రకారం రేటు 14 శాతం, అందులో ఉన్న ఖర్చులు ఫలానా ఆరు, వీటిలో ఏదీ పై డైరెక్ట్ లైన్లలో లేదు. ఈ చివరి ముక్క రాయాలంటే నిజంగా సరిచూసుకోవాలి. షీటులో "ఇతర ఖర్చులు" అనే లైన్ ఉంటే తీసేయండి. దాని లోపల ఏముందో తెలిస్తే ఆ పేరే పెట్టవచ్చు, తెలియకపోతే అడగకూడదు.

పంపే ముందు నేను షీటు ప్రింట్ తీసి, బడ్జెట్ వేయని ఇంకొకరి చేతికి ఇస్తాను. చాలాసార్లు ఆ మనిషి అకౌంటెంటే. ఓవర్‌హెడ్ జాబితాను ఒక చేత్తో, డైరెక్ట్ లైన్లను ఇంకో చేత్తో పట్టుకుని, జాబితాలోని ఒక్కో పేరును అవతలి కాగితంలో వెతకమంటాను. దొరికితే ఎర్ర పెన్నుతో గీత గీస్తారు. తర్వాత మనుషుల షీటులో ఎవరి వరుసైనా 100 దాటిందేమో, ఎఫ్‌సీఆర్‌ఏ షీటులో ఏడాది మొత్తం 20 దాటిందేమో చూస్తారు. ఆ నాలుగు కాగితాల మీదా ఆయన సంతకం పెట్టాకే డైరెక్టర్ గారి దగ్గరికి ఫైల్ వెళ్తుంది.